అడ్వాన్సు ఐదు వేలు, నోటీసు ఒక నెల: హాస్టల్ ఖాళీ చేసే ముందు వేసుకోవాల్సిన లెక్క

ప్రశ్న: అమీర్‌పేటలో లేడీస్ హాస్టల్లో త్రీ షేరింగ్ రూమ్‌లో జూన్ 12 నుంచి ఉంటున్నాను. నెలకు 8,000. చేరినప్పుడు అడ్వాన్సు 5,000 కట్టాను. గచ్చిబౌలిలో ఉద్యోగం వచ్చింది, 17న జాయినింగ్. 15న ఖాళీ చేస్తానంటే మేనేజర్ "నెల ముందు చెప్పాలి మేడం, ఇప్పుడు చెప్తే అడ్వాన్సు రాదు" అంటున్నాడు. హాస్టల్ వాళ్లిచ్చిన కార్డు వెనకాల కూడా నెల ముందు తెలపాలని, మెయింటెనెన్స్ 1,500 తిరిగి ఇవ్వరని రాసి ఉంది. ఈరోజు నవంబర్ 3. నా డబ్బు రావాలంటే ఏం చేయాలి?

సమాధానం:

ముందు ఆ 15వ తేదీని పక్కన పెట్టండి. మీరు ఖాళీ చేయాల్సిన రోజు 11.

మీరు 12న చేరారు కాబట్టి హాస్టల్ రిజిస్టర్లో మీ నెల 12న మొదలై 11న అయిపోతుంది. అక్టోబర్ 12న కట్టిన 8,000 నవంబర్ 11 రాత్రి వరకే. 12 పొద్దున మీ సామాను ఇంకా ఆ రూమ్‌లోనే ఉంటే, మేనేజర్ దృష్టిలో మీరు కొత్త నెలలోకి వచ్చేసినట్టే. "నాలుగు రోజులే కదా, రోజుల లెక్కన తీసుకోండి" అని మీరంటారు. ఎనిమిది వేలని ముప్పైతో భాగిస్తే రోజుకు 267 చొప్పున వెయ్యి చిల్లర అవుతుందని మీ లెక్క. అయితే కౌంటర్ దగ్గర ఆ లెక్క నడవదు. గెస్టులకి వేసే రోజువారీ రేటు వేస్తారు. అది చాలా హాస్టళ్లలో 500 దగ్గర ఉంటుంది, అంటే నాలుగు రోజులకు 2,000. మొండి మేనేజరైతే నెల మొత్తం కట్టమంటాడు. కట్టకపోతే అడ్వాన్సులో పట్టుకుంటాడు. అడ్వాన్సు పోగొట్టుకున్నవాళ్లలో చాలామందిది నోటీసు గొడవ కాదు, ఈ నాలుగు రోజుల గొడవే.

నేను ఈ మాటలు రెండు వైపుల నుంచీ చెబుతున్నాను. చదువుకునేటప్పుడు, ఉద్యోగం వచ్చిన కొత్తలో ఐదు హాస్టళ్లు మారాను. తర్వాత మా పిన్ని ఎస్సార్ నగర్‌లో హాస్టల్ నడుపుతుంటే రెండేళ్లు ఆ రిజిస్టర్ రాసింది నేనే.

ఇక మీ డబ్బు లెక్క. మీ ఐదు వేలలో పదిహేను వందలు మెయింటెనెన్స్ అని కార్డు మీదే ఉంది, మీరు చూసే చేరారు. దాని మీద కొట్లాడి లాభం లేదు, అది చేరిన రోజే పోయిందనుకోండి. కార్డు మీద రాయకుండా, నోటితో కూడా చెప్పకుండా వెళ్లే రోజున కోస్తే అది వేరే సంగతి, అప్పుడు గట్టిగా అడగొచ్చు. కాబట్టి మీరు ఇప్పుడు కాపాడుకోవాల్సింది 3,500 మాత్రమే.

మేనేజర్ చెప్పినట్టే నడుచుకుంటే ఏమవుతుందో చూడండి. ఈరోజు నోటీసు ఇస్తే 30 రోజులు డిసెంబర్ 3కి అవుతాయి. అది మీ డిసెంబర్ 11 లోపే వస్తుంది కాబట్టి, మీరు నవంబర్ 12న ఇంకో 8,000 కట్టి, డిసెంబర్ 11 దాకా బెడ్డు ఉంచుకుంటే, 3,500 తిరిగి ఇస్తారు. మీరేమో గచ్చిబౌలిలో ఉంటారు. అంటే మూడున్నర వేల కోసం ఎనిమిది వేలు కట్టినట్టు. అదే 11న ఖాళీ చేసి, వాళ్లు పైసా ఇవ్వకపోయినా మీకు పోయేది 3,500. రెండింటికీ తేడా 4,500. అడ్వాన్సు కోసం ఇంకో నెల ఉండటం మీ విషయంలో అన్నిటికంటే ఖరీదైన దారి. అడ్వాన్సు రెండు నెలల అద్దెంత ఉండే చోట, బెంగళూరు పీజీల్లో కొన్నిచోట్ల అలాగే తీసుకుంటారు, ఈ లెక్క తిరగబడుతుంది. అక్కడ నోటీసు నెల పూర్తిగా ఉండి రావడమే మేలు.

అలాగని చెప్పకుండా రాత్రికి రాత్రి సర్దుకుని వెళ్లమని అనడం లేదు. ఆ 3,500లో చాలా భాగం వచ్చే దారి ఉంది. దానికి ముందు వాళ్ల వైపు కథ తెలియాలి.

హాస్టల్ నడిపేవాళ్లలో చాలామందికి బిల్డింగ్ సొంతం కాదు, లీజు. మీరిచ్చిన అడ్వాన్సు బీరువాలో ఉండదు. బిల్డింగ్ ఓనర్‌కి కట్టిన అడ్వాన్సులోకో, మంచాలూ గీజర్లకో ఎప్పుడో వెళ్లిపోయింది. మా పిన్ని దగ్గర ఎవరైనా ఖాళీ చేస్తే, ఆ వారంలో కొత్తగా చేరిన పిల్ల ఇచ్చిన అడ్వాన్సులోంచే తీసి ఇచ్చేవాళ్లం. అందుకే నెల నోటీసు అడుగుతారు. ఆ నెలలోపు బెడ్డు నిండాలి, నిండితేనే చేతిలో డబ్బుంటుంది. నెల మొదట్లో అద్దెలు వచ్చే రోజుల్లో అడిగితే చేతిలో పెట్టే మనిషే, ఇరవై ఐదో తారీఖున అడిగితే "వచ్చే వారం" అంటాడు. అది ప్రతిసారీ మోసమే కానక్కర్లేదు, చాలాసార్లు నిజంగానే ఉండదు.

ఇంకోటి. కొత్త మనిషి చేరిన ప్రతిసారీ హాస్టల్‌కి మళ్లీ పదిహేను వందల మెయింటెనెన్స్ వస్తుంది. మీరు వెళ్లి, మర్నాడే ఇంకొకరు ఆ బెడ్డు మీదకొస్తే వాళ్లకి నష్టం లేదు, పైగా పదిహేను వందలు లాభం. మీ బేరం అంతా ఈ ఒక్క విషయం మీదే నిలబడాలి.

చట్టం కూడా దాదాపు ఇదే మాట అంటుంది. 1872 నాటి కాంట్రాక్టు చట్టంలో 74వ సెక్షన్ ప్రకారం, ఒప్పందం తప్పితే ఇంత మొత్తం పోతుందని ముందే రాసుకున్నా, అవతలివాడికి దక్కేది సమంజసమైన పరిహారం, అదీ ఆ మొత్తానికి మించకుండా. రాసుకున్నంతా కళ్లుమూసుకుని లాక్కునే హక్కు అది ఇవ్వదు. 2015లో సుప్రీంకోర్టు కైలాష్ నాథ్ అసోసియేట్స్ కేసులో అవతలి పక్షానికి నష్టమే లేనప్పుడు ముందుగా కట్టిన సొమ్ము జప్తు చేసుకోవడం కుదరదని చెప్పింది. అది ఢిల్లీలో స్థలం వేలం మీద నడిచిన పెద్ద కేసు, మీది మూడున్నర వేల విషయం, కానీ సూత్రం ఒకటే. అయితే ఇది రెండు వైపులా కోస్తుంది. మీరు నోటీసు నిబంధన ఒప్పుకుని చేరారు. మీ బెడ్డు ఇరవై రోజులు ఖాళీగా పడి ఉంటే, ఆ నష్టం కింద 3,500 ఉంచుకున్నామని వాళ్లు చెప్పడంలో న్యాయం ఉంది. కాబట్టి ఆ బెడ్డు నిండేలా చూడటం మీకే మంచిది.

ఈరోజే చేయాల్సిన పని ఒకటుంది. నోటితో చెప్పింది లెక్కలోకి రాదు. కౌంటర్లో కూర్చునే మేనేజర్లు మూడు నెలలకొకరు మారుతుంటారు, "ఆయన మానేశాడు మేడం, నాకేం చెప్పలేదు" అనే మాట నేనే నాలుగుసార్లు విన్నాను. వాట్సాప్‌లో మెసేజ్ పెట్టండి. మేనేజర్ నంబరుకీ, మీరు నెలనెలా అద్దె పంపే ఫోన్‌పే నంబరుకీ, రెండింటికీ. ఇలా రాస్తే చాలు:

"నమస్తే. నేను 304 రూమ్, బి బెడ్. జూన్ 12న చేరాను. ఉద్యోగం మారినందువల్ల నవంబర్ 11 సాయంత్రం ఖాళీ చేస్తున్నాను. అప్పటివరకు అద్దె కట్టేశాను, బాకీ ఏమీ లేదు. అడ్వాన్సు 5,000లో మెయింటెనెన్స్ 1,500 పోను 3,500 రావాలి. నోటీసు తక్కువైంది కాబట్టి 12 నుంచి ఆ బెడ్డుకి మనిషిని చూసే ప్రయత్నం నేనూ చేస్తాను. దయచేసి ఈ మెసేజ్ అందినట్టు చెప్పండి."

రూమ్ నంబరు మీది పెట్టుకోండి. కోపం, "వినియోగదారుల కోర్టు" లాంటి మాటలు ఇందులో వద్దు. తేదీలు, అంకెలు, బాకీ లేదన్న మాట, ఈ మూడూ ఉంటే చాలు. నీలం టిక్కులు పడ్డాక స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. జవాబు రాకపోతే మర్నాడు కౌంటర్ దగ్గరకెళ్లి, "నిన్న మెసేజ్ పెట్టాను కదా, చూశారా" అని అడిగి, వాళ్లు ఏమన్నారో కూడా మళ్లీ మెసేజ్‌లో రాయండి: "ఇందాక మాట్లాడినట్టు..." అని మొదలుపెట్టి.

ఫోన్‌పేలో పాత పేమెంట్లు తెరిచి, డబ్బు వెళ్లిన ఖాతా ఎవరి పేరు మీద ఉందో చూడండి. బోర్డు మీద పేరు ఒకటి, క్యూఆర్ కోడ్ వెనక మనిషి ఇంకొకరు ఉంటారు. రేపు ఫిర్యాదు చేయాల్సి వస్తే మీకు కావాల్సింది ఆ రెండో పేరే. దీని విలువ నాకు నాలుగు వేలు పోయాక తెలిసింది. కూకట్‌పల్లిలో నేనున్న హాస్టల్ మధ్యలో చేతులు మారింది. బోర్డు అదే, వంటమనిషి అదే, క్యూఆర్ స్టిక్కర్ మాత్రం మారింది. ఖాళీ చేసే రోజున కొత్తాయన "మీ అడ్వాన్సు పాత మేనేజ్‌మెంట్ తీసుకుంది, నాకు ఇవ్వలేదు" అన్నాడు. పాతాయన ఫోన్ ఎత్తలేదు. స్టిక్కర్ మారిన రోజే నేను వెళ్లి, "నా అడ్వాన్సు ఇంత మీ లెక్కలోకి వచ్చిందా" అని కొత్తాయనతో కార్డు మీద రాయించుకుని ఉంటే ఆ గొడవే లేదు.

బెడ్డుకి మనిషిని వెతకడం అమీర్‌పేటలో పెద్ద పని కాదు. కోచింగ్ బ్యాచ్‌లు ఎప్పుడూ మొదలవుతూనే ఉంటాయి. మీ ఇన్‌స్టిట్యూట్ వాట్సాప్ గ్రూపుల్లో, కాలేజీ జూనియర్ల గ్రూపుల్లో ఫొటోతో పెట్టండి. కానీ ఒక పొరపాటు చేయకండి. ఆ అమ్మాయి మీకు ఐదు వేలిచ్చి మీ కార్డు తీసుకుని మీ బదులు ఉండిపోవడం చాలామంది చేస్తారు. రిజిస్టర్లో మీ పేరు, మీ ఆధార్ జిరాక్సే ఉంటాయి. ఆమె వెళ్లేటప్పుడు ఆమెకు డబ్బు రాకపోతే మీ మీదకొస్తుంది. ఆమెను నేరుగా కౌంటర్‌కి తీసుకెళ్లండి. ఆమె అడ్వాన్సు ఆమె కట్టాలి, మీది మీకు రావాలి, రెండూ ఒకే పూట అయిపోతే ఇంకా మంచిది. ఆమె కట్టిన డబ్బే మీ చేతికి వస్తుంది, ముందు చెప్పాను కదా.

మనిషి దొరక్కపోతే బేరమే. "నెల నోటీసులో ఎనిమిది రోజులు ఇచ్చాను. పూర్తిగా వద్దు, సగం ఇవ్వండి" అని అడగండి. ఆ సగం చేతికొచ్చినా మీ పరిస్థితిలో మంచి ఫలితమే అంటాను. మేనేజర్‌కి చాలాసార్లు ఆ నిర్ణయం తీసుకునే అధికారం ఉండదు, ఓనర్ ఎప్పుడొస్తారో కనుక్కుని ఆ టైముకి వెళ్లండి. సాధారణంగా సాయంత్రం, అద్దెలు వసూలు చేసుకునే వేళ.

11న ఏం చేయాలంటే, సామాను కిందకి దించకముందే లెక్క తేల్చుకోండి. రూమ్ ఖాళీ చేసి ఆటో ఎక్కాక మీరు ఫోన్ చేసే మనిషి అవుతారు, కౌంటర్ ముందు నిలబడ్డ మనిషి కారు. ముందు రోజు పగటి వెలుతురులో ముప్పై సెకన్ల వీడియో తీయండి: పరుపు రెండు వైపులా, కప్‌బోర్డు తలుపు, తాళం, స్విచ్ బోర్డు, బాత్రూమ్ కుళాయి. కప్‌బోర్డు తాళంచెవి పోయిందని మూడు వందలు, స్విచ్ పగిలిందని రెండు వందలు కోయడం మామూలు. ఆ స్విచ్ మీరు చేరినప్పుడే పగిలి ఉంటే అప్పటి ఫొటో ఉందేమో వెతకండి, లేకపోతే రూమ్మేట్‌ని చెప్పమనండి. ఏసీ రూమ్ అయితే సబ్‌మీటర్ రీడింగ్ ఫొటో తీసి, మీ వాటా ఎంతో ఆ రోజే కట్టేసి రసీదు మెసేజ్ తీసుకోండి.

కార్డు సంగతి మాత్రం మర్చిపోకండి. డబ్బిచ్చే ముందు "కార్డు ఇవ్వండి" అంటారు. మీరు కట్టిన అడ్వాన్సుకి చేతిలో ఉన్న కాగితం అదొక్కటే. ముందూ వెనకా ఫొటో తీసుకున్నాకే ఇవ్వండి, అదీ డబ్బు ఫోన్లో టింగుమన్నాక. మా పిన్ని హాస్టల్లో ఖాళీ చేసినవాళ్ల కార్డులు ఒక రబ్బరు బ్యాండు వేసి డ్రాయర్లో పడేసేవాళ్లం. నెల తిరక్కుండా అవి చెత్తబుట్టలోకి పోయేవి. ఆధార్ జిరాక్సు కూడా అడిగి తీసుకోండి. ఇవ్వకపోతే కనీసం రిజిస్టర్లో మీ పేరు పక్కన "ఖాళీ చేశారు, తేదీ 11" అని మీ ముందే రాయించండి.

"రేపు ఫోన్‌పే చేస్తా మేడం" అంటే నమ్మండి, కానీ అక్కడే నిలబడి ఆయన ఫోన్లోంచి మీకు మెసేజ్ పెట్టించుకోండి: ఎంత, ఏ తేదీ లోపు. ఇవ్వనని ముఖం మీద చెప్పే మనిషి కంటే, ఇస్తానని రాసివ్వడానికి తప్పించుకునే మనిషితోనే ఎక్కువ కష్టం.

ఆ తేదీ దాటితే ఏం చేయాలో కూడా చెప్పేస్తాను. ఒక వారం గడువిస్తూ ఇంకో మెసేజ్. ఆ తర్వాత 1915, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. తెలుగులో మాట్లాడొచ్చు. వాళ్లు ఆర్డర్లు ఇవ్వరు, ఫిర్యాదు అవతలివాళ్లకి పంపించి మధ్యవర్తిత్వం చేస్తారు. పెద్ద చైన్ పీజీలకి ఇది బాగా పనిచేస్తుంది, సందులో ఉన్న హాస్టల్ ఓనర్ మీద అంతగా పనిచేయదని నా అనుభవం. అలాంటివాళ్లకి కాగితం బాగా పనిచేస్తుంది. జరిగింది ఒక పేజీలో రాసి, మెసేజ్‌ల ప్రింట్లు జతచేసి, హాస్టల్ అడ్రసుకి స్పీడ్ పోస్టులో పంపండి. పోస్ట్‌మ్యాన్ సంతకం పెట్టించుకున్న రోజు సాయంత్రమే ఫోన్ వచ్చిన సందర్భాలు నాకు రెండు తెలుసు. లాయర్ దాకా వెళ్లక్కర్లేదు. రాయడానికి సాయం కావాలంటే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి. మహిళలకు ఆదాయంతో పని లేకుండా అక్కడ ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. ఫోన్ నంబరు 15100.

చివరి మెట్టు జిల్లా వినియోగదారుల కమిషన్. e-jagriti.gov.in లో ఆన్‌లైన్‌లోనే వేయొచ్చు. మీలాంటి చిన్న మొత్తాలకు ఫీజు లేదు, లాయర్ లేకుండా మీరే వాదించుకోవచ్చు, రెండేళ్ల లోపు వేయాలి. 2019 చట్టం వచ్చాక మీరు ఉంటున్న చోట లేదా పనిచేసే చోట ఉన్న కమిషన్‌లో వేయొచ్చు, అమీర్‌పేట వైపే తిరగక్కర్లేదు. కానీ నోటీసు తక్కువిచ్చి వెళ్లిన మీ కేసులో 3,500 కోసం నేనైతే అంత దూరం వెళ్లను. అదే నెల నోటీసు ఇచ్చినా ఇవ్వలేదంటే వెళ్తాను. పోలీస్ స్టేషన్‌కి వెళ్తే "సివిల్ మ్యాటరమ్మా" అంటారు, అడ్వాన్సు వరకు అది నిజమే. సామాను బయటకు పోనివ్వకుండా ఆపినా, గేటు వేసి బెదిరించినా మాత్రం ఆలోచించకుండా 100కి చేయండి.

ఇక 12 నుంచి ఎక్కడుండాలి అంటారు. ఈ ఆదివారమే గచ్చిబౌలి వెళ్లి బెడ్డు చూసుకుని, 11 సాయంత్రం నుంచే చేరిపోండి. అక్కడ నెలకు 9,000 అనుకున్నా, మీరు అనుకున్న 15 కంటే ముందు చేరినందుకు పడేది నాలుగు రోజులకు 1,200. ఆ నాలుగు రోజులకే అమీర్‌పేటలో 2,000 కట్టి, పైగా గొడవ పెట్టుకోవడం కంటే నయం. చేరేటప్పుడు కౌంటర్లో నాలుగు అడగండి: నోటీసు ఎన్ని రోజులు, మెయింటెనెన్స్ ఎంత, మధ్యలో వెళ్తే రోజుల లెక్క ఉందా, అడ్వాన్సు ఖాళీ చేసిన రోజే ఇస్తారా. నోటితో చెప్పిన జవాబుల్ని కార్డు వెనక రాసివ్వమనండి. కుదిరితే ఒకటో తారీఖుకి మీ నెల మార్చమని అడగండి. జీతం వచ్చే రోజు, అద్దె కట్టే రోజు, ఖాళీ చేసే రోజు ఒక్కచోట ఉంటే వచ్చేసారి ఈ పదకొండూ పన్నెండూ లెక్కలు వేసుకోనక్కర్లేదు.